ఫోటోలో ఉన్న 18 ఎవరు?

సంక్రాంతికి సింగరాయకొండ, కావలి చుట్టుపక్కల ఊళ్లలో కబడ్డీ పోటీలు పెడితే జట్లలో 7, 18, 45 నంబర్లు కనిపించడం మామూలే. ధోనీ, కోహ్లీ, రోహిత్ నంబర్లు అవి. ఆట వేరైనా కుర్రాళ్లు ముందు వాటికోసమే కొట్లాడుకుంటారు. మ్యాచ్ జరిగేటప్పుడు దీంతో ఎవరికీ ఇబ్బంది లేదు. కొన్నాళ్ల తర్వాత ఎవరో ఒక మంచి ఫోటో పంపి, కింద పేరు రాయమన్నప్పుడే చిక్కు. గీత దాటి దూసుకెళ్తున్న ఆ 18 ఎవరు?

జెర్సీ నంబరు పొలం సర్వే నంబరు లాంటిది. ఊరి పేరు చెప్పకుండా 214 అంటే ఆ పొలం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నంబరుకు కూడా జట్టు, తేదీ, మ్యాచ్ తోడైతేనే మనిషి దొరుకుతాడు. వీటిలో ఒక్కటి తప్పినా నంబరు మనల్ని ధీమాగా వేరొకరి దగ్గరికి తీసుకెళ్తుంది.

నీలం జెర్సీ, వీపు మీద 10 అనగానే సచిన్ అంటాం. కానీ 2017 ఆగస్టు 31న కొలంబోలో శ్రీలంకతో జరిగిన వన్డేలో అదే నీలం రంగులో 10 వేసుకుని బరిలోకి దిగింది శార్దూల్ ఠాకూర్. అతనికి అదే తొలి వన్డే. అభిమానులు గోల చేయడంతో తర్వాత 54కి మారాడు. సచిన్ తన చివరి వన్డేను 2012లోనే ఆడేశాడు కాబట్టి తేదీ ఒక్కటి తెలిస్తే అనుమానమే ఉండదు. 18 సంగతి ఇంకా తమాషా. కోహ్లీదీ అదే నంబరు, స్మృతి మంధానదీ అదే. దూరం నుంచి తీసిన మసక ఫోటోలో వీపు మాత్రమే కనిపిస్తుంటే, అది పురుషుల మ్యాచా, మహిళల మ్యాచా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇంతకీ ఆ అంకెను మనం సరిగ్గా చదివామా? కబడ్డీ నియమాల ప్రకారం జెర్సీ మీద నంబరు ముందు వైపు కనీసం నాలుగు అంగుళాలు, వెనక ఆరు అంగుళాలు ఉండాలి. ఆరు అంగుళాలంటే సుమారు 15 సెంటీమీటర్లు. ఆటగాడి ఎత్తు 170 సెంటీమీటర్లు అనుకుందాం. వాట్సాప్‌లో చేతులు మారి చిన్నబోయిన ఫోటోలో అతను తల నుంచి కాలి దాకా 200 పిక్సెళ్లు ఉన్నాడంటే, వీపు మీది నంబరు ఎత్తు 18 పిక్సెళ్లకు మించదు. ఛాతీ మీదిదైతే పన్నెండే. ఫోటోలను కుదించి దాచే జేపెగ్ పద్ధతి బొమ్మను ఎనిమిదేసి పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని చిన్న వివరాలను తగ్గించేస్తుంది. అంటే ఆ నంబరు మొత్తం నిలువునా రెండు మూడు గళ్లలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని వేళ్లతో లాగి ఎంత పెద్దది చేసినా కొత్త వివరం పుట్టదు. అందుకే మొదట చేయాల్సిన పని, ఫోటో తీసినవాళ్ల దగ్గర అసలు ఫైల్ ఉందేమో అడగడం. అందులో తీసిన సమయం కూడా నమోదై ఉంటుంది, కెమెరా గడియారం సరిగ్గా పెట్టి ఉంటే.

అంకెలు తప్పుగా కనబడటానికీ ఒక పద్ధతి ఉంది. గుడ్డ మడత, చెమట, అడ్డొచ్చిన చెయ్యి అంకెలో కొంత భాగాన్ని మింగేస్తాయే తప్ప, లేని గీతను చేర్చడం అరుదు. 8 ఎడమ పక్క మడతలోకి పోతే 3 అవుతుంది. 6 అలాగే 5 అవుతుంది. దీన్నుంచి పనికొచ్చే మాట ఒకటి తేలుతుంది: ఫోటోలో 8 స్పష్టంగా కనిపిస్తే దాదాపుగా అది 8 అనే నమ్మొచ్చు, కానీ 3 కనిపిస్తే అది 8 కూడా కావచ్చు. కాబట్టి చదివిన వెంటనే ఒకే అంకె రాసుకోకుండా, అక్కడ ఉండగలిగిన అంకెలన్నీ రాసుకోవాలి.

రంగు దగ్గర రెండు మోసాలున్నాయి. జేపెగ్ వెలుగునీడల తేడాను వివరంగానే దాస్తుంది గానీ, రంగుల తేడాను సాధారణంగా నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే లెక్కగా రాసుకుంటుంది. అందుకే ముదురు నీలం మీద తెల్ల నంబరు చెక్కుచెదరకుండా ఉంటే, నీలం మీద ఎర్ర నంబరు అలుక్కుపోతుంది. ఇలాంటి ఫోటోను ఎడిటింగ్ యాప్‌లో తెరిచి, ఎరుపు పొర ఒక్కదాన్నే నలుపు తెలుపులో చూస్తే ఎర్ర అంకె తెల్లగా, నీలం గుడ్డ నల్లగా విడిపోయి కొంతవరకు దారికొస్తుంది. రెండో మోసం రాత్రి లైట్లది. హాలోజన్ వెలుగులో తెలుపు పసుపుగా, పసుపు నారింజగా కనిపిస్తాయి. అప్పుడు మన కన్ను చెప్పేది నమ్మకుండా, ఫోటోలో కచ్చితంగా తెల్లనిదని తెలిసిన వస్తువును వెతకాలి. కోర్టు చుట్టూ పోసిన సున్నం గీత అందుకు సరిగ్గా సరిపోతుంది. ఆ గీత తెల్లగా కనిపించేదాకా రంగులు సరిచేస్తే జెర్సీ అసలు రంగు దానంతట అదే బయటపడుతుంది.

ఇప్పుడు ఒక ఫోటో తీసుకుందాం. లెక్క అర్థం కావడానికి నేను కల్పించిందే, కానీ ఆట నియమాలు మాత్రం నిజమైనవి. నీలం జట్టు రైడర్ పసుపు జట్టు కోర్టులో వంగి ఉన్నాడు. వీపు మీద ముందు అంకె 1. రెండోది మడతలో పడి 3 లాగా కనిపిస్తోంది. వెనకాల స్కోరు బోర్డు మీద నీలం 21, పసుపు 17. పసుపు కోర్టు మొత్తం ఫ్రేములో ఉంది, అందులో ఐదుగురు డిఫెండర్లు.

స్కోరు షీటులో నీలం జట్టు జాబితా చూస్తే 13 ఉన్నాడు, 18 కూడా ఉన్నాడు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, 3 కనిపిస్తోంది కదా అని 13 పేరు రాసేస్తారు. కానీ కబడ్డీలో ఇంకో కాగితం ఉంది. అసిస్టెంట్ స్కోరర్లు ఎవరు ఏ వరుసలో అవుటయ్యారో రాస్తారు. అవుటైన వరుసలోనే మళ్లీ లోపలికి రావాలన్నది నియమం కాబట్టి ఆ కాగితం లేకపోతే ఆటే నడవదు. మ్యాచ్ అయ్యాక దాన్ని ఎవరూ పట్టించుకోరు, అది వేరే సంగతి. ఫోటో పని చేసేవాళ్లకు మాత్రం మెయిన్ షీటు కంటే అదే బంగారం.

ఆ కాగితం ఇలా చెబుతుందనుకోండి. స్కోరు 19-15 ఉన్నప్పుడు నీలం రైడర్ 13 పట్టుబడ్డాడు. పసుపుకు పదహారో పాయింటు వచ్చింది, వాళ్లలో ఒకడు లోపలికి రావడంతో కోర్టులో ఆరుగురయ్యారు. నీలం జట్టులో అప్పటికే 5 బయట ఉన్నాడు, కాబట్టి వరుసలో ముందు 5, తర్వాత 13. ఆ తర్వాత పసుపు రైడ్ ఖాళీగా పోయింది. నీలం తర్వాతి రైడులో బోనస్ గీత దాటి, ఒకణ్ణి తాకి కూడా వచ్చారు. రెండు పాయింట్లు, స్కోరు 21-16. పసుపులో ఐదుగురే మిగిలారు. వెంటనే పసుపు రైడర్ ఒక బోనస్ తెచ్చాడు. స్కోరు 21-17. మన ఫోటో దీని తర్వాతి రైడుది.

13 అప్పటికి లోపలికి వచ్చాడా? నీలానికి రెండు పాయింట్లు వచ్చాయి కాబట్టి 5, 13 ఇద్దరూ లేచి వచ్చారని లెక్కేస్తే తప్పులో కాలేసినట్టే. తాకిన పాయింటుకు ఒకడు లోపలికి వస్తాడు గానీ, బోనస్ పాయింటుకు ఎవరూ రారు. కాబట్టి వచ్చింది 5 ఒక్కడే. ఫోటో తీసిన క్షణంలో 13 బయట కూర్చునే ఉన్నాడు. రైడుకు వెళ్లింది 18.

ఇంత చేశాక కూడా ఒక అనుమానం మిగులుతుంది. ఊరి పోటీల్లో స్కోరు బోర్డు మీద అట్టలు తిప్పేది ఏ చిన్న కుర్రాడో అయి ఉంటాడు. వాడు ఆటలో మునిగిపోయి ఒక రైడు ఆలస్యంగా అంకె మారిస్తే మన లెక్కంతా పక్క రైడుకు జరిగిపోతుంది. అందుకే డిఫెండర్లను లెక్కపెట్టాలి. కాగితం ప్రకారం 21-17 దగ్గర పసుపు కోర్టులో ఐదుగురుండాలి, ఫోటోలోనూ ఐదుగురున్నారు. ఆరుగురో నలుగురో కనిపిస్తే బోర్డును పక్కనపెట్టి, ముందు వెనక రైడుల్లో ఆ సంఖ్య ఎక్కడ సరిపోతుందో వెతకాలి. మధ్యలో ఒక జట్టులో అందరూ అవుటై లోనా పడి ఉంటే ఆ జట్టు మొత్తం ఒకేసారి లోపలికి వస్తుంది కాబట్టి వరుస లెక్క అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. బోర్డు, అవుట్ల కాగితం, డిఫెండర్ల సంఖ్య మూడూ ఒకదాన్నుంచి ఒకటి కాపీ కొట్టినవి కావు. అందుకే అవి కలిసినప్పుడు నమ్మకం వస్తుంది. స్కోరు షీటు, దాన్ని చూసి రాసిన పేపరు వార్త కలిస్తే మాత్రం రెండు సాక్ష్యాలు అయిపోవు.

మన దగ్గర ఇంకో తిరకాసు జిల్లాలది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది, అద్దంకి బాపట్లలోకి వెళ్లింది. అంతకుముందు ప్రకాశం జెర్సీలో ఆడిన కందుకూరు కుర్రాడే తర్వాత నెల్లూరు రంగుల్లో కనిపించవచ్చు. పాత ఉమ్మడి జిల్లా లెక్కన జట్టును ఎంపిక చేసి ఉంటే కనిపించకపోనూ వచ్చు. కాబట్టి జిల్లా జట్టు ఫోటో చేతికొస్తే ఆ ఎంపిక ఏ లెక్కన జరిగిందో ముందు కనుక్కోవాలి, ఆ తర్వాతే జాబితా తెరవాలి.

సెల్ఫీ కెమెరాతో తీసినదైతే ఫోటో తిరగబడిందేమో కూడా చూడాలి. 18ని అద్దంలో చూస్తే 81 అవుతుంది, అదీ మామూలు జెర్సీ నంబరే కాబట్టి అనుమానం రాదు. జెర్సీ మీద స్పాన్సర్ పేరు చదవగలిగితే విషయం తేలిపోతుంది.

వీటన్నిటికీ లొంగనిది జెర్సీ మార్పిడి. ఒకడి జెర్సీ చిరిగితే బయట కూర్చున్నవాడిది వేసుకుంటాడు. చివరి నిమిషంలో వచ్చిన గెస్ట్ ప్లేయర్ రాని వాడి నంబరు మీద ఆడేస్తాడు. అప్పుడు కాగితం 18 ఆడాడని నిజమే చెబుతుంది, కానీ లోపల ఉన్న మనిషి వేరు. దీన్ని పట్టుకోవాలంటే మార్చుకోని వస్తువుల మీద కన్నేయాలి: మోకాలి క్యాప్, చేతి తాడు, చీలమండకు చుట్టిన టేపు. వాటిని పోల్చడానికి మ్యాచ్ ముందు ముఖ్య అతిథి ఆటగాళ్లను పరిచయం చేసుకుంటూ చేతులు కలిపే ఫోటో ఉందేమో అడగండి. అందరూ విసుగ్గా దాటేసే ఫోటోనే అది. కానీ అందులో జట్టంతా వరుసగా, కదలకుండా, ఛాతీ నంబరు ముందుకు పెట్టి, ముఖాలు కనిపించేలా నిలబడి ఉంటుంది. ఆ వరుసలోని 18కి మోకాలి క్యాప్ ఎడమ కాలికి ఉండి, రైడ్ ఫోటోలో కుడి కాలికి ఉంటే, కింద పేరు రాయకుండా "18వ నంబరు ఆటగాడు" అని మాత్రమే రాయాలి.