కౌన్సెలర్ విన్నది ఎక్కడికి పోతుంది?

ఆమె తెలంగాణలోని ఒక జిల్లాలో, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రంలో కౌన్సెలర్. ఆరేళ్ల కూతురుంది. పాపను రోజూ బడి నుంచి మరిది బండి మీద ఇంటికి తీసుకొచ్చేవాడు. ఒక సోమవారం ఆమె అది ఆపించింది. "నీకెందుకు శ్రమ, ఆటో మాట్లాడాను" అంది. నాలుగు రోజులకు ఆటో డ్రైవర్ మీదా నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నం పర్మిషన్ పెట్టి తనే వెళ్లడం మొదలుపెట్టింది. మరిది ఏ తప్పూ చేయలేదు. అతన్ని పెళ్లయినప్పటి నుంచీ ఆమె చూస్తూనే ఉంది.

ఈమె ఒక్క మనిషి కాదు. కౌన్సెలర్లు తమ పని గురించి మరో అనుభవజ్ఞుల దగ్గర మాట్లాడుకోవడాన్ని సూపర్‌విజన్ అంటారు. అలా సూపర్‌విజన్ ఇచ్చేటప్పుడు నేను విన్న కొందరి అనుభవాలను కలిపి, ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను.

ఆ సోమవారానికి ముందు శుక్రవారం ఆమె దగ్గరికి ఏడేళ్ల పాపను తీసుకొచ్చారు. పిల్లలపై లైంగిక నేరాలకు పెట్టే పోక్సో కేసు. పాపను బాధపెట్టింది ఇంట్లోనే ఉండే బాబాయి. సెషన్ బాగానే నడిచింది. పాప బొమ్మలు వేసింది, కొంచెం మాట్లాడింది. కౌన్సెలర్ ఏడవలేదు, కంగారుపడలేదు. ఇంటికెళ్లి వంట చేసింది. మూడు రోజుల తర్వాత మరిదిని ఆపించినప్పుడు, ఆ రెంటికీ సంబంధం ఉందని ఆమెకు తట్టనే లేదు. కాస్త జాగ్రత్త నేర్చుకున్నాననుకుంది.

ఈ మార్పునే పరోక్ష ట్రామా అంటారు. 1990లో లిసా మెక్‌కాన్, లారీ ఆన్ పెర్ల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని వివరంగా రాశారు. ఒక ఘోరం అనుభవించిన మనిషికి లోకం మీద ఉన్న నమ్మకాలు కదిలిపోతాయి. నేను క్షేమంగా ఉన్నానా, మనుషుల్ని నమ్మవచ్చా, నా బతుకు మీద నాకు పట్టు ఉందా అన్నవి. ఆ అనుభవాలను రోజూ దగ్గర కూర్చుని వినేవాళ్లలో కూడా అవే నమ్మకాలు మెల్లగా కదులుతాయని వాళ్లు చెప్పారు. కన్నీళ్లు రావడం, నిద్రపట్టకపోవడం పైకి కనిపిస్తాయి. ఇది మాత్రం లోకాన్ని చూసే కళ్లద్దమే మారిపోవడం. అద్దంలోంచి చూసేవాళ్లకు అద్దం కనిపించదు కదా. అందుకే ఆమె దాన్ని జాగ్రత్త అనుకుంది.

కరుణ అలసట వేరు. 1992లో కార్లా జాయిన్సన్ నర్సుల గురించి రాస్తూ ఈ మాట వాడారు, తర్వాత చార్లెస్ ఫిగ్లీ దాన్ని కౌన్సెలర్ల దాకా తెచ్చారు. ఇక్కడ మనిషిలో జాలి అడుగంటుతుంది. ఎదుటి మనిషి ఏడుస్తుంటే 'ఇంకో కేసు' అనిపిస్తుంది, కన్ను గడియారం మీదికి పోతుంది. ఫైళ్ల భారం, తక్కువ జీతం, పై అధికారుల ఒత్తిడి వల్ల వచ్చే బర్నవుట్ మరొకటి. అది ఏ ఉద్యోగంలోనైనా వస్తుంది. మూడూ ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చు. అయినా విడదీసి చూడాలి. బర్నవుట్‌కు పని తగ్గితే, సెలవు దొరికితే కొంత తెరిపి ఉంటుంది. మారిన నమ్మకం మాత్రం సెలవులో పుట్టింటికి కూడా వెంట వస్తుంది. అక్కడ మేనమామ పాపను ఎత్తుకున్నా గుండె ఝల్లుమంటుంది.

విన్న మాటకు ఇంత బలం ఎక్కడిది? మనం ఒక సంఘటన వింటున్నప్పుడు మెదడు దానికి బొమ్మ కడుతుంది. ఎదుటివాళ్లకు నొప్పి కలుగుతోందని తెలిసినప్పుడు, మనకే నొప్పి కలిగితే పనిచేసే మెదడు భాగాల్లో కొన్ని పనిచేస్తాయని మెదడు పరిశోధకురాలు టానియా సింగర్ బృందం 2004లో స్కానింగ్ ద్వారా చూపింది. తర్వాత ఓల్గా క్లిమెకితో కలిసి చేసిన ప్రయోగాల్లో మరో సంగతి తేలింది. ఎదుటివాళ్ల బాధను తనదిగా అనుభవించడం, ఆ బాధ తీరాలని ఆప్యాయంగా కోరుకోవడం మెదడులో ఒకే పని కాదు. మొదటిది మనిషిని కుంగదీస్తుంది. రెండో దానికి శిక్షణ ఇచ్చినప్పుడు, అవే బాధాకరమైన వీడియోలు చూసినవాళ్లలో ఆత్మీయ భావాలు పెరిగాయి. అందుకే కరుణ అలసట అన్న పేరే సరికాదని వాళ్లు వాదిస్తారు. అలసిపోయేది కరుణ కాదు, బాధలో మునిగిపోయే సహానుభూతి అని. నాకూ ఆ వాదమే నిజమనిపిస్తుంది. 'ఈ పాప ఎంత భయపడి ఉంటుందో' అనుకోవడం ఒకటి, 'ఇది నా పాపే అయితే' అనుకోవడం ఇంకొకటి. రెండో దారిలో వెళ్లినవాళ్లలో సొంత ఆందోళన ఎక్కువవుతుందని ప్రయోగాలు చెబుతున్నాయి.

ఇక్కడ ఒక చేదు ఫలితం చెప్పాలి. టెడ్ బోబర్, షెరిల్ రెగెర్ అనే పరిశోధకులు కెనడాలోని ఒంటారియోలో 259 మంది కౌన్సెలర్లను పరిశీలించి 2006లో ప్రచురించారు. విశ్రాంతి, వ్యాయామం, సూపర్‌విజన్ మేలు చేస్తాయని వాళ్లలో చాలామంది నమ్మారు. కానీ వాటికి ఎంత సమయం ఇచ్చారన్నదానికీ, ట్రామా లక్షణాలు ఎంత ఉన్నాయన్నదానికీ సంబంధం కనిపించలేదు. లక్షణాలతో గట్టిగా ముడిపడినది ఒక్కటే: వారానికి ఎన్ని గంటలు ట్రామా బాధితులతో గడిపారన్నది. అంటే ఇది విన్న మోతాదుకు సంబంధించిన సంగతి. కౌన్సెలర్ కుంగిపోతే 'యోగా చెయ్యి, మనసు గట్టి చేసుకో' అనడం, ఎక్స్‌రే గదిలో సీసం కవచం ఇవ్వకుండా పాలు తాగమన్నట్టుంటుంది.

మరి సూపర్‌విజన్ ఎందుకు? గంటలు లెక్కపెడితే సరిపోదు, అందులో ఏం జరుగుతుందన్నది చూడాలి. మన దగ్గర చాలాచోట్ల సూపర్‌విజన్ అంటే రివ్యూ మీటింగే: ఎన్ని కేసులు వచ్చాయి, ఎన్ని మూసేశారు, రిజిస్టర్ నిండిందా. అది పరిపాలన. బ్రిటన్‌లో బ్రిజిడ్ ప్రాక్టర్ సూపర్‌విజన్‌కు మూడు పనులు చెప్పారు. నైపుణ్యం పెంచడం, పని పద్ధతిగా సాగుతోందో లేదో చూడడం, కౌన్సెలర్‌ను తిరిగి నిలబెట్టడం. ఆ దేశపు కౌన్సెలర్ల సంఘం బీఏసీపీ తన అక్రెడిటేషన్ పొందిన సభ్యులకు నెలకు కనీసం గంటన్నర సూపర్‌విజన్ ఉండాలంటుంది, ఎంత అనుభవం ఉన్నా సరే.

మన కౌన్సెలర్ సూపర్‌విజన్‌కు వచ్చినప్పుడు వరకట్నం కేసు ఫైలు ముందు పెట్టింది. పది నిమిషాలు దాని గురించి మాట్లాడాక నేను అడిగాను.

"ఈ పదిహేను రోజుల్లో ఏ కేసు గురించి చెప్పకూడదనుకుని వచ్చావమ్మా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఏడేళ్ల పాప గురించి చెప్పింది. మొత్తం కథ వద్దన్నాను. ఏ ఒక్క దృశ్యం పదేపదే వస్తోందో అదే చెప్పమన్నాను.

"వాటర్ బాటిల్ మేడమ్. నీలం రంగుది. మాట్లాడినంతసేపూ దాని పట్టీ మెలిపెడుతూనే ఉంది."

"ఇంట్లో ఎప్పుడు గుర్తొస్తోంది?"

"మా పాపకీ అదే బాటిల్ ఉంది."

దారి అక్కడ దొరికింది. రోజూ ఎన్నో కథలు విన్నా ఒకటే ఎందుకు అంటుకుంటుందంటే, చాలాసార్లు ఇలాంటి చిన్న ముడి వల్లే. ఒకే వయసు, ఒకే బాటిల్, ఒకే వరస. ఆ ముడిలోంచి 'వాళ్ల పాప' 'నా పాప' అయిపోయింది. మరిది సంగతి అప్పుడు బయటికొచ్చింది, చెబుతూ ఆమే ఆగిపోయింది. "అయ్యో, అతను కూడా బాబాయే కదా" అంది.

ఇక్కడ సూపర్‌వైజర్ చేయకూడని పని ఒకటుంది. 'అందరూ అలా ఉండరులే' అని ఓదార్చడం. అది నిజమే, కానీ ఆమె విన్నదీ నిజమే. పిల్లలకు తెలిసినవాళ్ల నుంచే ఎక్కువ ప్రమాదమన్నది ఆమె వృత్తి నేర్పిన సత్యం. అందుకే రెండు ప్రశ్నలు విడదీశాం. పాప రక్షణకు ఏ తల్లైనా చేయాల్సింది ఏమిటి? ఈ ప్రత్యేకమైన మనిషి గురించి నీకు తెలిసింది ఏమిటి? మొదటి దానికి జవాబుగా పాపకు శరీర భద్రత గురించి చెప్పాలని, ఇంట్లో అందరికీ ఆ మాటలు తెలియాలని అనుకుంది. రెండో దానికి ఆమె దగ్గర పదేళ్ల పరిచయం ఉంది, ఒక్క అనుమానమూ లేదు.

తర్వాత తన సెషన్లు ఎలా నడుస్తున్నాయని అడిగాను. పరోక్ష ట్రామా ముందు దెబ్బతీసేది కౌన్సెలర్‌నే అయినా, నష్టం ఆమె దగ్గర ఆగదు. పాప మాట్లాడబోతుంటే 'ఇవాళ్టికి బొమ్మలు వేద్దామా' అని రెండుసార్లు మాట మార్చానని ఒప్పుకుంది. ఇంకో తల్లితో, ఇంట్లో మగవాళ్లెవరినీ దగ్గరికి రానివ్వొద్దని గట్టిగా చెప్పిందట. ఆ సలహా ఆ కుటుంబాన్ని చూసి ఇచ్చింది కాదు, నీలం బాటిల్ ఇప్పించింది. మాట మార్చడం, తొందరగా సలహా ఇవ్వడం, ఒక్కరినే ఎలాగైనా కాపాడాలని పరుగెత్తడం, ఇవి నేను గమనించే గుర్తులు.

ఇంకొకటి నాలో గమనించాను. ఆ గంటలో నేనూ ఎవరికీ వినపడకూడదన్నట్టు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను. పాప రహస్యం మోసింది, కౌన్సెలర్ భర్తకు చెప్పకుండా మోసింది, ఇప్పుడు నేను. కౌన్సెలింగ్ గదిలోది సూపర్‌విజన్ గదిలోకి ఇలా ప్రాకుతుందని అమెరికన్ మనోవైద్యుడు హెరాల్డ్ సియర్ల్స్ 1955లోనే రాశారు. అది ఆమెతో పైకి అన్నాను. ఇద్దరం మామూలు గొంతుతో మాట్లాడాం.

హద్దుల సంగతికి వస్తే, మనసుకు గోడ కట్టుకోవడం అన్న అర్థంలో కాదు. అవి గంటల్లో, అంకెల్లో ఉంటాయి. రోజుకు ఇలాంటి సెషన్లు రెండుకు మించకుండా, ఒకటి పొద్దున, ఒకటి మధ్యాహ్నం పెట్టాం. మధ్యలో వేరే రకం పని. కేంద్రం నడిపే అధికారి ఒప్పుకుంటేనే ఇది కుదిరింది, ఎందుకంటే మోతాదు కౌన్సెలర్ చేతిలో ఉండదు. రెండోది, వివరాల హద్దు. సాక్ష్యం సేకరించడం పోలీసుల పని, వాంగ్మూలం నమోదు చేయడం మేజిస్ట్రేటు పని. పాపకు నిద్ర పడుతోందా, బడికి వెళ్తోందా, భయం వేస్తే ఎవరి దగ్గరికి వెళ్తుంది అన్నవి కౌన్సెలర్‌వి. పాప తనంతట తాను చెబితే పూర్తిగా వినాలి. ఫైలు నింపడానికి తవ్వి అడగక్కర్లేదు. అది పాపకూ మేలే. మూడోది ఫోను. సొంత నంబరు ఇచ్చేసింది, రాత్రి పదకొండింటికీ కాల్స్. ఆ కుటుంబాలను పిలిచి, రాత్రివేళ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ ఎలా చెయ్యాలో దగ్గరుండి చూపించి, తన ఫోను సాయంత్రం ఆరు వరకేనని చెప్పింది. ఇది చెప్పడానికే ఆమెకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది.

సూపర్‌విజన్‌కూ ఒక హద్దుంది. ఉద్యోగంలో ఉంచాలా తీసేయాలా అని నిర్ణయించే అధికారే సూపర్‌వైజర్ అయితే నీలం బాటిల్ ఎప్పటికీ బయటికి రాదు. పీడకలలు, దృశ్యాలు నెల దాటినా తగ్గకపోతే, లేదా విన్నది సొంత బాల్యంలోని గాయాన్ని తాకితే, ఆమెకు కావాల్సింది సొంత చికిత్స. అది నేను చేయకూడదు. పనిలో భాగంగా ఘోరాల వివరాలు మళ్లీమళ్లీ వినడం కూడా, ఘోరం తర్వాత వచ్చే మానసిక రుగ్మత పీటీఎస్‌డీకి దారితీయవచ్చని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013 నుంచి తన నిర్ధారణ ప్రమాణాల్లోనే చేర్చింది.

రెండు నెలల తర్వాత వచ్చినప్పుడు, మంగళ, గురువారాలు మరిదే పాపను తెస్తున్నాడని చెప్పింది. దృశ్యం ఇప్పటికీ వస్తుందట, ముందంత తరచుగా కాదు. బాటిల్ మార్చేద్దామనిపించిందా అని అడిగాను.

"అనిపించింది మేడమ్. కానీ మా పాపకి ఆ రంగంటే ఇష్టం. ఉంచేశాను."