హెడ్డింగ్ చిన్నదైతే చాలా? మిర్చి ధర వార్తతో కొన్ని అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో జిల్లా పేజీల డెస్క్‌లో కూర్చునేవాళ్లకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజూ తప్పని వార్త ఒకటుంటుంది, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర. వార్త చిన్నదే, తిప్పలు మాత్రం హెడ్డింగ్ దగ్గరే. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లు హెడ్డింగ్ కుదించడం గురించి ఏమేం అనుకుంటారో ఈ ఒక్క వార్తతోనే దాదాపు చెప్పేయొచ్చు. కింద ఉన్న ధరలు ఉదాహరణ కోసం వేసుకున్నవే.

కంట్రిబ్యూటర్ పంపిన హెడ్డింగ్ ఇలా ఉందనుకోండి:

"వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో సోమవారం క్వింటా తేజ మిర్చికి గరిష్ఠంగా రూ.20,500 ధర పలకడంతో రైతుల్లో హర్షాతిరేకాలు"

వార్త లోపల ఉన్నది ఇది: జెండా పాట రూ.20,500. కనిష్ఠం రూ.13 వేలు. ఎక్కువ బస్తాలు అమ్ముడైంది రూ.16 వేలకు అటూ ఇటుగా.

అపోహ: మాటలు ఎన్ని తీసేస్తే హెడ్డింగ్ అంత పదును.

వాస్తవం: ఏ మాట తీశామన్నదే లెక్క. పై హెడ్డింగ్‌లో నిర్భయంగా తీసేయగలిగినవి చాలానే ఉన్నాయి. "వరంగల్" అక్కర్లేదు, పేజీయే వరంగల్ పేజీ. ఎనుమాముల అంటే ఏ మార్కెట్టో ఇక్కడ ఎవరికీ చెప్పనవసరం లేదు కాబట్టి "వ్యవసాయ" పోతుంది. "సోమవారం" డేట్‌లైన్‌లో ఉంటుంది. "హర్షాతిరేకాలు" స్థలం ఉన్నా ఉంచకూడదు. కంట్రిబ్యూటర్ ఎంతమంది రైతుల్ని అడిగాడు? రూ.13 వేలకు అమ్ముకున్న రైతు హర్షించాడా? అది పోతే దానికి ముందున్న "పలకడంతో" కూడా దానంతటదే పోతుంది. తెలుగు హెడ్డింగుల్లో బరువంతా సాధారణంగా ఈ "-డంతో" దగ్గరే ఉంటుంది, దాని వెనక రెండో వార్త ఒకటి వేలాడుతుంటుంది.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. ఇక్కడ ఆగకుండా ఇంకో కోత వేస్తే వచ్చేది ఇది: "మిర్చి ధర రూ.20,500". చూడ్డానికి ముచ్చటగా ఉంది, సింగిల్ కాలమ్‌లో చక్కగా సరిపోతుంది. కానీ తప్పు.

అపోహ: అంకె సరిగ్గా ఉంటే హెడ్డింగ్ సరిగ్గా ఉన్నట్టే.

వాస్తవం: అంకె దేనిదో చెప్పే మాట పోతే సరైన అంకె కూడా అబద్ధమే చెబుతుంది. మార్కెట్‌లో పొద్దున జెండా పాట ఎలా జరుగుతుందో చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నాణ్యమైన సరుకు దగ్గర వ్యాపారులు పోటీపడి పాట పాడతారు. ఆ రోజు పైధర అక్కడ తేలుతుంది. ఆ తర్వాత మిగతా బస్తాల దగ్గర రంగు, తేమ, తాలు చూసి కోత పెట్టుకుంటూ పోతారు. అంటే 20,500 అనేది ఆ కొద్దిపాటి సరుకుకు దక్కిన ధర. ఏటూరునాగారం నుంచి బండి కట్టించుకొని వచ్చిన రైతుకో, సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఎప్పుడు తీద్దామా అని చూస్తున్న రైతుకో మన హెడ్డింగ్ చెప్పింది మాత్రం "మిర్చి ధర" అని.

కాబట్టి ఇక్కడ ప్రాణం ఉన్న మాటలు రెండు. ఒకటి "గరిష్ఠం" లేదా "జెండా పాట". రెండోది "తేజ". రకాన్ని బట్టి ధర మారుతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ చపాట ధర వేరు, తేజ ధర వేరు. రెండూ ఉంచితే:

"తేజ మిర్చి జెండా పాట రూ.20,500"

అయిదు మాటలు, అన్నీ నిజం. నేనైతే "గరిష్ఠం" కన్నా "జెండా పాట"నే ఉంచుతాను, మన దగ్గర మిర్చి రైతు నోట్లో ఉండే మాట అదే. హైదరాబాద్ మెయిన్ పేజీకి పోతే మాత్రం "గరిష్ఠం" పెట్టి, ముందు "ఎనుమాములలో" చేర్చాలి. పేజీ మారితే తీసేయదగ్గ మాట కూడా మారుతుంది.

ఇంకాస్త పదును కావాలంటే తీసేయడం ఆపి వార్తను మళ్లీ చదవాలి. అసలు వార్త పైధర కాదు, పాటకూ అమ్మకానికీ మధ్య తేడా:

"పాట రూ.20,500.. అమ్మింది రూ.16 వేలకే"

ఇది ముందుదానికన్నా కాస్త పొడవే, కానీ ఎక్కువ చెబుతుంది. "అమ్మింది" అనే చోట "చేతికొచ్చింది" అని పెట్టాలనిపిస్తుంది, వినడానికి బాగుంటుంది కూడా. పెట్టకూడదు. అడ్తి కమీషన్, హమాలీ, దడువాయి ఖర్చులు పోయాకే చేతికొచ్చేది తేలుతుంది, ఆ లెక్క మన వార్తలో లేదు. ఇక చివరి "-కే" మన ఆవేదన. ఎక్కువ బస్తాలు నిజంగానే ఆ ధరకు పోయాయని మార్కెట్ లెక్కలో ఉంటేనే దాన్ని ఉంచండి, ఇద్దరు రైతులు చెప్పారని కాదు.

అపోహ: విభక్తులు తీసేసినా పాఠకుడికి అర్థమైపోతుంది.

వాస్తవం: చాలాచోట్ల అవుతుంది. "మిర్చికి" బదులు "మిర్చి" అంటే నష్టమేం లేదు. కానీ ప్రమాద వార్తల్లో ఇదే అలవాటు కొంప ముంచుతుంది. "లారీని ఢీకొని యువకుడి మృతి" అంటే బైక్ వెళ్లి లారీకి తగిలింది. "లారీ ఢీకొని యువకుడి మృతి" అంటే లారీ వచ్చి తగిలింది. ఒక్క "ని" పోతే తప్పు ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదికి పోయింది. పోలీసు కేసు ఎవరి మీద ఉందో చూడకుండా ఆ అక్షరం ముట్టుకోవద్దు.

అపోహ: రుజువు లేకపోతే చివర ప్రశ్నార్థకం పెడితే సరి.

వాస్తవం: "తూకంలో మోసం?" అని రాస్తే పాఠకుడు ప్రశ్నార్థకాన్ని వదిలేసి మోసాన్నే గుర్తుపెట్టుకుంటాడు. "తూకంలో మోసమని రైతుల ధర్నా" అంటే రెండు మాటలు ఎక్కువ, కానీ ధర్నా జరిగింది నిజం, ఆరోపణ ఎవరిదో కూడా తెలిసింది.

అపోహ: కంప్యూటర్ చూపించే అక్షరాల లెక్కే కొలత.

వాస్తవం: తెలుగుకు అది కుదరదు. "గరిష్ఠం" మన కంటికి మూడక్షరాలు, కంప్యూటర్‌కు ఏడు, గుణింతం, వత్తు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కేస్తుంది కాబట్టి. ఆ లెక్క చూసి టెన్షన్ పడి మంచి మాట తీసేసేవాళ్లను చూస్తుంటాం. పేజీలో పెట్టి చూడండి. వత్తులున్న మాట వెడల్పులో కాదు, కింది లైన్‌కు తగిలి ఇబ్బంది పెడుతుంది. అలాంటప్పుడు లైన్ విరిచే చోటు మారిస్తే చాలు.

అపోహ: హెడ్డింగ్‌లో పట్టనిది దాని కింద చిన్న అక్షరాల్లో వచ్చే డెక్‌లో ఉందిగా.

వాస్తవం: పేపర్ చేతిలో పట్టుకున్నవాడికి ఉంది. వాట్సాప్ గ్రూపులో క్లిప్పింగ్ తిరిగేటప్పుడు డెక్‌ను కత్తిరించి హెడ్డింగ్, ఫొటో మాత్రమే పంపేవాళ్లు ఎక్కువ. ఫోన్ నోటిఫికేషన్‌లో అయితే హెడ్డింగ్ చివర కూడా తెగిపోవచ్చు. అందుకే "రూ.20,500 పలికిన తేజ మిర్చి జెండా పాట" అని అంకెను ముందుకు తేవద్దు. సగంలో తెగితే "రూ.20,500 పలికిన తేజ మిర్చి..." అని మిగులుతుంది, మళ్లీ మొదటికొచ్చినట్టే. "జెండా పాట"ను అంకెకు ముందే ఉంచండి. డెక్‌లోకి కనిష్ఠ ధర, వచ్చిన బస్తాల సంఖ్య పంపండి.