డెంగీ దోమ ఎక్కడ పుడుతుంది, ఎప్పుడు కుడుతుంది: అపోహలు - వాస్తవాలు

దోమల వల్ల వచ్చే జ్వరాలన్నీ ఒకే దోమ పని కాదు. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ రాత్రిపూట కుడుతుంది. మెదడువాపు వ్యాధిని వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలు ఎక్కువగా పొలాల్లో నిలిచే నీళ్లలో పెరుగుతాయి. డెంగీ, చికున్‌గున్యాలను అంటించే ఏడిస్ దోమ మాత్రం మన ఇంట్లోనే పుట్టి మనల్నే కుడుతుంది. దాన్ని అరికట్టడం చాలావరకు ఇంటివాళ్ల చేతిలో పని కాబట్టి ఇక్కడ దాని గురించే చెబుతున్నాం. జ్వరాల సీజన్‌లో ఆసుపత్రికి వచ్చేవాళ్ల దగ్గర తరచుగా వినిపించే మాటలనే అపోహలుగా తీసుకున్నాం.

అపోహ: దోమలన్నీ మురుగు కాలువలోనే పుడతాయి. మా ఇల్లు శుభ్రంగా ఉంటుంది కాబట్టి మాకు భయం లేదు.

మురుగులో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్‌లోనే మరో రకం దోమ. ఏడిస్‌కు కావలసింది కదలకుండా నిలిచి ఉన్న, పెద్దగా మురికి పట్టని నీళ్లు. తాగడానికి పట్టి ఉంచిన డ్రమ్ము, కూలర్ తొట్టి, పూలకుండీ కింది పళ్లెం, మేడ మీద పడేసిన టైరు, మూత సరిగా పడని ట్యాంకు, ఇవన్నీ దానికి సరిపోతాయి. ఎవరికీ గుర్తురాని చోటు ఒకటుంది: ఫ్రిజ్ వెనుక, కంప్రెసర్ దగ్గర ఉండే చిన్న ట్రే. మంచు కరిగిన నీళ్లు అందులో చేరతాయి, కంప్రెసర్ వేడికి గోరువెచ్చగా ఉంటాయి. ఇల్లంతా అద్దంలా ఉంచుకునేవాళ్లు కూడా ఆ ట్రేను ఏడాదికి ఒకసారైనా బయటికి తీయరు.

ఈ దోమ మామూలుగా ఎక్కువ దూరం ఎగరదు. పుట్టిన చోటు నుంచి వంద, రెండు వందల మీటర్ల లోపే తిరుగుతుంది. ఇంట్లో పగటిపూట నల్ల ఒంటి మీద, కాళ్ల మీద తెల్లటి చారలున్న దోమ కనిపించిందంటే అది పుట్టిన నీళ్లు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్నాయన్నమాట. ఎక్కడో వీధి చివర వెతకడం కంటే ముందు మీ గడప లోపల వెతకండి.

అపోహ: వారానికి ఒకసారి డ్రమ్ము ఖాళీ చేసి మళ్లీ నింపుతున్నాం. అది చాలు.

ఈ అపోహ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇందులో సగం నిజం ఉంది, ఆ సగం నిజమే మోసం చేస్తుంది.

ఏడిస్ ఆడదోమ గుడ్లను నీళ్ల మీద వదలదు. నీటి మట్టానికి కొంచెం పైన, తడిగా ఉన్న గోడకు ఒక్కొక్కటిగా అంటించి పెడుతుంది. ఒక్కో గుడ్డు మిల్లీమీటరు కంటే చిన్నది. పెట్టినప్పుడు తెల్లగా ఉండి కొన్ని గంటల్లో నల్లబడుతుంది. చూస్తే డ్రమ్ము లోపలి అంచున మసి అంటినట్టో, మిరియాల పొడి చల్లినట్టో కనిపిస్తుంది. నీళ్లు పారబోసినంత మాత్రాన ఆ గుడ్లు ఊడిపోవు. డ్రమ్మును ఎండబెట్టినా చావవు, నెలల తరబడి అలాగే బతికి ఉంటాయి. మళ్లీ నీళ్లు నింపగానే మట్టం పైకి వచ్చి గుడ్లు తడుస్తాయి, లార్వాలు బయటికి వస్తాయి. అంటే ఖాళీ చేసి నింపడంతో పాత లార్వాలు పోతాయి, కొత్తవి పుట్టడానికి దారి దొరుకుతుంది. చలికాలమంతా ఎండిపోయి ఉన్న కూలర్‌లో నీళ్లు పోసిన వారానికే దోమలు లేవడానికి కారణం ఇదే.

వెచ్చటి వాతావరణంలో గుడ్డు పొదిగి లార్వా అయి, ప్యూపాగా మారి, రెక్కలొచ్చి ఎగిరిపోవడానికి సుమారు 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒకసారి అనే లెక్క. పది రోజులకోసారి చేస్తే అప్పటికే కొన్ని ఎగిరిపోయి ఉంటాయి.

200 లీటర్ల డ్రమ్మును ఇలా శుభ్రం చేయండి. ముందు నీళ్లను కదపకుండా, మీ నీడ పడకుండా మెల్లగా దగ్గరికెళ్లి టార్చి వేసి చూడండి. నీడ పడినా, డ్రమ్ము కదిలినా లార్వాలు చటుక్కున అడుగుకు పోతాయి. అప్పుడు చూసి ఏమీ లేవనుకుంటాం. ఒకటి రెండు నిమిషాలు ఆగితే గాలి కోసం మళ్లీ పైకి వస్తాయి. తల కిందికి, తోక పైకి పెట్టి నీటిపొర నుంచి వేలాడుతున్నట్టు కనిపించేవి లార్వాలు. కామా గుర్తులా వంకరగా, తల లావుగా ఉండేవి ప్యూపాలు. ప్యూపాలు కనిపిస్తే ఒకటి రెండు రోజుల్లో దోమలు ఎగరబోతున్నాయని అర్థం, ఆ పని రేపటికి వాయిదా వేయకండి.

ఆ తర్వాత నీళ్లను ఎండిన నేల మీద పారబోయండి. కాలువలోకో, వేరే తొట్టిలోకో పోస్తే లార్వాలు అక్కడ బతకవచ్చు. ఆ నీళ్లు వాడుకోవాలంటే దగ్గరి నేత ఉన్న గుడ్డతో వడగట్టి, ఆ గుడ్డను ఎండలో ఆరేయండి. ఇప్పుడు గట్టి బ్రష్షు, సబ్బుపొడి తీసుకుని లోపలి గోడను రుద్దాలి. అడుగు కంటే ముఖ్యం నీటి మట్టం గీత, దాని పైన జానెడు మేర ఉన్న పట్టీ. గుడ్లు ఎక్కువగా ఉండేది అక్కడే. ప్లాస్టిక్ డ్రమ్ములకు లోపల గాడులుంటాయి, బ్రష్షు వాటి లోపలికి వెళ్లేలా రుద్దాలి. కడిగి, బోర్లించి ఆరబెట్టి, ఆరాకే నింపండి. రుద్దకుండా కడగడం ఒక్కటే చేస్తే పావుగంట శ్రమ పడి కూడా అసలు పని మిగిలిపోయినట్టే.

మూత విషయంలో కూడా ఒక పొరపాటు జరుగుతుంది. చెక్కో, రేకో పైన పెడితే పక్కన ఒక వేలు సందు మిగులుతుంది, దోమకు అది చాలు. సరిపడే మూత లేకపోతే దోమతెర గుడ్డను డ్రమ్ము నోటికి కప్పి, తాడుతోనో ఎలాస్టిక్‌తోనో బిగించండి. గుడ్డ నీళ్లను తాకేలా కిందికి వేలాడకూడదు.

అపోహ: నీళ్లలో క్లోరిన్ బిళ్ల వేశాం, ఇక పురుగు పట్టదు.

తాగే నీళ్లలో క్రిములను చంపడానికి వేసే మోతాదు క్లోరిన్‌తో దోమ లార్వాలు చావవు. రుద్ది కడగడం కుదరని సిమెంటు తొట్లకు, సంపులకు ఆరోగ్య సిబ్బంది టెమిఫాస్ గుళికలు వేస్తారు. 1 శాతం గుళికలైతే 10 లీటర్లకు 1 గ్రాము, అంటే 200 లీటర్లకు 20 గ్రాములు. ఈ మోతాదులో తాగునీటికి వాడటానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమతి ఉంది. గుళికలు వేశాక కూడా రెండు రోజులు ప్యూపాలు కనిపిస్తే మందు పనిచేయలేదని అనుకోకండి. ప్యూపాలు ఏమీ తినవు కాబట్టి వాటి మీద ఈ మందు ప్రభావం దాదాపు ఉండదు. వారం తర్వాత కూడా లార్వాలు ఈదుతుంటే మోతాదు తగ్గిందనో, నీళ్లు పదే పదే మార్చడంతో మందు పలచబడిందనో అనుకోవాలి. పొలానికి వాడే పురుగుమందులను మాత్రం ఎంత కొంచెమైనా సరే ఇంటి నీళ్లలో కలపకండి.

అపోహ: వీధిలో పొగ కొట్టించాం, ఇక దోమల బెడద లేదు.

ఫాగింగ్ పొగ తగిలిన, ఎగురుతున్న దోమలే చస్తాయి. నీళ్లలో ఉన్న లార్వాలకు ఏమీ కాదు. ఏడిస్ దోమ మంచం కింద, కర్టెన్ల వెనుక, వేలాడే బట్టల మధ్య నీడలో దాక్కుంటుంది. వీధిలో పొగ వస్తోందని మనం తలుపులు, కిటికీలు మూసేస్తే ఆ చోట్లకు మందు చేరదు. డ్రమ్ములో ప్యూపాలు మిగిలి ఉంటే రెండు రోజుల్లో కొత్త దోమలు తయారవుతాయి. కేసులు ఎక్కువగా ఉన్న చోట ఫాగింగ్‌కు ప్రయోజనం ఉంది, కానీ అది డ్రమ్ము రుద్దే పనికి బదులు కాదు.

అపోహ: రాత్రి దోమతెర కట్టుకుంటున్నాం కదా.

మలేరియాకు అది మంచి రక్షణ. ఏడిస్ మాత్రం పగలు కుడుతుంది. తెల్లవారాక ఒకటి రెండు గంటలు, మళ్లీ సాయంత్రం చీకటి పడే ముందు దాని జోరు ఎక్కువ. మోకాళ్ల కింద, పాదాల దగ్గర ఎక్కువగా కుడుతుంది. పగలు నిద్రపోయే పసిపిల్లలకు, గర్భిణులకు, మంచాన ఉన్న పెద్దలకు పగలు కూడా తెర కట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా జ్వరం వచ్చిన మనిషికి కట్టాలి. ఎందుకో ఒక ఉదాహరణతో చూడండి.

ఒక ఇంట్లో ఒకరికి నెల 1వ తేదీన డెంగీ జ్వరం మొదలైందనుకుందాం. జ్వరానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి జ్వరం తగ్గేదాకా, ఒక్కోసారి ఆ తర్వాత రెండు రోజుల వరకు కూడా, ఆ మనిషి రక్తంలో వైరస్ ఉంటుంది. 1వ తేదీన కుట్టిన దోమ వెంటనే ఇంకొకరికి అంటించలేదు. వైరస్ దాని కడుపులో నుంచి లాలాజల గ్రంథుల్లోకి చేరడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. అంటే 9 నుంచి 13వ తేదీ మధ్య ఆ దోమ ప్రమాదకరంగా మారుతుంది, ఇక బతికినన్నాళ్లూ అంతే. అది కుట్టిన మనిషికి 4 నుంచి 10 రోజుల్లో జ్వరం వస్తుంది. లెక్క వేస్తే రెండో జ్వరం 13 నుంచి 23వ తేదీ మధ్య వస్తుంది. జ్వరానికి ముందే కుట్టిన దోమ అయితే ఇంకో రెండు రోజులు ముందే రావచ్చు.

ఈ లెక్క వల్ల రెండు సంగతులు తెలుస్తాయి. మొదటి జ్వరం వచ్చిన వారంలోనే రోగిని పగలంతా తెరలో ఉంచి, ఇంట్లో నీడపట్టున దాక్కున్న దోమలను చంపి, డ్రమ్ములు రుద్దితే ఆ గొలుసు అక్కడే తెగుతుంది, దానికి తగినంత సమయం మనకు ఉంది. రెండోది, మూడు నాలుగు రోజుల తేడాతో ఇంట్లో ఇద్దరికి జ్వరం వస్తే, ఒకరి నుంచి ఒకరికి తాకడం వల్ల వచ్చిందని కంగారుపడకండి. డెంగీ తాకితే, దగ్గితే అంటదు. బహుశా వారం కిందట ఒకే దోమ ఇద్దరినీ కుట్టింది. ఆ ఇద్దరూ పగలు కలిసి గడిపిన చోటు, ఇల్లో, బడో, పనిచేసే చోటో, అక్కడి నీళ్లను చూడండి.

అపోహ: ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గాయంటే ప్రాణాపాయం.

డెంగీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇంట్లోనే విశ్రాంతితో, ద్రవాలతో, పారాసెటమాల్‌తో కోలుకుంటారు. ప్లేట్‌లెట్లు తగ్గడం ఈ జ్వరంలో మామూలే, జ్వరం తగ్గాక వాటంతట అవే పెరుగుతాయి. రక్తస్రావం లేకుండా ఒక్క ఆ సంఖ్య చూసి ప్లేట్‌లెట్లు ఎక్కించాల్సిన అవసరం సాధారణంగా రాదు. డాక్టర్లు ఎక్కువగా గమనించేది రక్తనాళాల్లో నుంచి ద్రవం బయటికి కారుతోందా అన్నది. అది జరిగేది చాలాసార్లు జ్వరం తగ్గే సమయంలోనే, అంటే జ్వరం మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య. కాబట్టి జ్వరం తగ్గింది కదా అని ఆ ఒకటి రెండు రోజులు ఏమరకండి. ఆగని కడుపునొప్పి, పదే పదే వాంతులు, చిగుళ్లలో గానీ ముక్కులో గానీ రక్తం, విపరీతమైన నీరసం లేదా చిరాకు, ఆయాసం, మూత్రం బాగా తగ్గడం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టులో సంఖ్య ఎంతున్నా వెంటనే ఆసుపత్రికి రండి. ఒళ్లు నొప్పులకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోకండి, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి. పరీక్షకు వస్తే జ్వరం ఏ రోజు మొదలైందో కచ్చితంగా చెప్పండి. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1, ఆ తర్వాత ఐజీఎం పరీక్ష పనికొస్తాయి, రోజు తప్పు చెబితే డెంగీ ఉన్నా లేదని రిపోర్టు రావచ్చు.