డ్రింక్స్ తీసుకోని మనిషి ఎంత కట్టాలి? రెస్టారెంట్ బిల్లు పంపకంలో అపోహలు - వాస్తవాలు

నేను అకౌంట్స్ పని చేస్తాను. ఆఫీసు లెక్కలతో పాటు, కలిసి భోంచేసి వచ్చిన స్నేహితుల బిల్లు లెక్కలు కూడా నా దగ్గరికే వస్తుంటాయి. గ్రూపులో ఎవరో బిల్లు స్క్రీన్‌షాట్ పెడతారు, "ఎవరెంతో చెప్పు" అంటారు. అందరూ మంచివాళ్లే, మోసం చేద్దామని ఎవరికీ ఉండదు. అయినా ఎవరో ఒకరి మీద అన్యాయంగా భారం పడుతుంది. నేను ఎక్కువగా వినే అపోహలను ఒకే బిల్లు పట్టుకుని చెబుతాను.

తిన్నది నలుగురు: ఇద్దరు అక్కాచెల్లెళ్లు, ఒక మిత్రుడు, డ్రింక్స్ తీసుకోని ఒక స్నేహితురాలు. స్టార్టర్లు 480, నలుగురూ తిన్నారు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఒకే మెయిన్ డిష్ పంచుకున్నారు, అది 360. మిత్రుడి డిష్ 300, స్నేహితురాలిది 260. డ్రింక్స్ 600, మిగతా ముగ్గురూ సమానంగా తాగారు. ఐటమ్స్ మొత్తం 2000. అందులో 10 శాతం డిస్కౌంట్ పోతే 1800, దాని మీద 5 శాతం సర్వీస్ ఛార్జీ 90, ఆ రెండూ కలిపిన 1890 మీద 10 శాతం పన్ను 189. కట్టింది 2079.

అపోహ: సమానంగా పంచేస్తే గొడవే ఉండదు, తేడా వచ్చినా అందరికీ తలా కొంచెం.

వాస్తవం: తేడా అందరి మీదా పడదు. 2079ని నలుగురికి పంచితే తలా 519.75. ఇప్పుడు ఎవరేం తిన్నారో చూడండి. అక్కాచెల్లెళ్లలో ఒక్కొక్కరికి స్టార్టర్లలో 120, మెయిన్ డిష్‌లో 180, డ్రింక్స్‌లో 200, మొత్తం 500. మిత్రుడికి 120, 300, 200 కలిపి 620. స్నేహితురాలికి 120, 260 కలిపి 380. ఈ నాలుగూ కూడితే 2000 రావాలి, వచ్చింది.

ఐటమ్స్ 2000కి కట్టింది 2079 కాబట్టి, ఒక్కో మనిషి వాటాకి సూత్రం ఇది:

```
కట్టాల్సింది = సొంత ఐటమ్స్ × (2079 ÷ 2000)
```

అక్కకి 519.75, చెల్లెలికి 519.75, మిత్రుడికి 644.49, స్నేహితురాలికి 395.01. సమాన పంపకంలో అక్కాచెల్లెళ్లకి పైసా తేడా రాలేదు. స్నేహితురాలు ఎక్కువ కట్టిన 124.74 మొత్తం మిత్రుడి డిష్‌కీ డ్రింక్స్‌కీ పోయింది. నలుగురిలో ఇద్దరికి లెక్క సరిగ్గానే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ప్రశ్నించరు. సమాన పంపకంలోని తప్పు బయటపడకపోవడానికి కారణం ఇదే.

అపోహ: డ్రింక్స్ ఒక్కటీ విడదీసి, తిండి సమానంగా పంచితే న్యాయం అయిపోయినట్టే.

వాస్తవం: చాలామంది ఇక్కడ ఆగిపోతారు, అందుకే దీని గురించి కాస్త వివరంగా చెబుతాను. తిండి 1400ని నలుగురికి పంచితే తలా 350. పన్నులూ అవీ కలిపితే స్నేహితురాలు 363.83 కడుతుంది, మిగతా ముగ్గురూ తలా 571.73. స్నేహితురాలు తిన్నది 380 విలువైనది కాబట్టి ఆమె దాదాపు 31 తక్కువ కట్టింది. మిత్రుడు 73 దాకా తక్కువ కట్టాడు. ఆ రెండూ ఎవరి మీద పడ్డాయి? ఒకే డిష్ పంచుకుని పొదుపుగా తిన్న అక్కాచెల్లెళ్ల మీద, ఒక్కొక్కరికి దాదాపు 52 చొప్పున. ఒకరికి జరిగే అన్యాయాన్ని సరిదిద్దబోయి ఇద్దరికి చేశాం. డ్రింక్స్ తీసుకోని మనిషి గురించి అడిగినప్పుడు, పంచుకున్న డిష్‌ల గురించి కూడా అడగాలి. "ఈ డిష్ ఎంతమంది తిన్నారు?" అని ప్రతి లైనుకీ ఒక అంకె రాసుకుంటే చాలు.

"నేను రుచి మాత్రమే చూశాను" అనే మాట వస్తుంది. దానికి సగం వాటా వేయొచ్చు కానీ, తిన్నవాళ్లు ఒప్పుకుంటేనే. లేకపోతే తలలు లెక్కపెట్టడమే మంచిది.

అపోహ: పన్ను, సర్వీస్ ఛార్జీ అందరివీ, అవి సమానంగా వేయాలి.

వాస్తవం: శాతంలో వేసినది శాతంలోనే పంచాలి. ఎక్కువ తీసుకున్నవారి వల్లే ఆ పన్ను పెరిగింది. తలకింత అని వేసిన ఛార్జీ ఉంటే మాత్రం సమానంగా వేయండి.

ఇంకో మెలిక ఉంది. కొన్ని బిల్లుల్లో డ్రింక్స్‌కి పన్ను రేటు వేరుగా ఉంటుంది. అలాంటప్పుడు పై సూత్రంలోని 2079 ÷ 2000 లాంటి ఒకే గుణకం పనికిరాదు. మన బిల్లులోనే తిండికి 10, డ్రింక్స్‌కి 20 శాతం పన్ను అనుకోండి. కట్టేది 2135.70 అవుతుంది. ఒకే గుణకం వాడితే స్నేహితురాలికి 405.78 పడుతుంది. కానీ ఆమె తిండి మీద పన్ను మారనే లేదు, ఆమె కట్టాల్సింది పాత 395.01 మాత్రమే. ముట్టని డ్రింక్స్ పన్నుకి దాదాపు 11 ఇచ్చినట్టు. పన్ను లైన్లు రెండు కనిపిస్తే తిండికొక గుణకం, డ్రింక్స్‌కొక గుణకం లెక్కవేసుకోండి. డిస్కౌంట్ తిండికి మాత్రమే ఇచ్చినా ఇదే పద్ధతి.

అపోహ: స్క్రీన్‌షాట్‌లో ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకుంటే చాలు.

వాస్తవం: పంచే ముందు లైన్లన్నీ కూడి, ఐటమ్స్ మొత్తంతో సరిచూడాలి. నేను ఒకసారి ఈ పని చేయకుండా పంచేశాను. పొడుగు బిల్లుని రెండు స్క్రీన్‌షాట్లుగా తీశారు, మొదటిదాని ఆఖరి లైను రెండోదాని మొదట్లో మళ్లీ ఉంది. నేను దాన్ని రెండుసార్లు వేశాను. ఆ డిష్ తిన్న పెద్దావిడ ఏమీ అనకుండా ఇచ్చేశారు. వారం తర్వాత నేనే కనుక్కుని తిరిగి పంపాను.

కూడినప్పుడు తేడా వస్తే, ఆ తేడానే దారి చూపిస్తుంది. తేడా సరిగ్గా ఒక లైను మొత్తమంత ఉంటే, ఆ లైను రెండుసార్లు పడింది, లేదా ఎగిరిపోయింది. తేడా 9తో నిశ్శేషంగా పోతుంటే అంకెలు తారుమారై ఉండొచ్చు: 360ని 630 అని ఎక్కిస్తే తేడా 270. మరో తప్పు, ఒక్కదాని ధరని మొత్తంగా తీసుకోవడం. ఇక్కడ స్టార్టర్లు రెండు ప్లేట్లు, ప్లేటు 240. వరసలో మొదట కనిపించిన 240నే ఎక్కిస్తే మొత్తం 1760 దగ్గర ఆగిపోతుంది.

కట్టిన రసీదు స్క్రీన్‌షాట్ ఒక్కటే పెడితే దానితో పంచలేం. అందులో ఐటమ్స్ ఉండవు, టిప్ కలిసి ఉండొచ్చు. లైన్లున్న బిల్లే అడగండి. అది చివరి ఆర్డర్ తర్వాత తీసిందో కాదో కూడా చూసుకోండి.

అపోహ: చిల్లర ఎటూ తేలదు, అందరికీ పైకి సర్దేయాలి.

వాస్తవం: అందరికీ పైకి సర్దితే 520, 520, 645, 396 కలిపి 2081 అవుతుంది, కట్టిన మనిషికి 2 ఎక్కువ వస్తాయి. దగ్గరి పూర్తి అంకెకి సర్దితే 520, 520, 644, 395. కూడితే సరిగ్గా 2079. ప్రతిసారీ ఇంత చక్కగా కలవదు. ఒకటో రెండో అటూ ఇటూ అయితే ఆ తేడా బిల్లు కట్టిన మనిషి వాటాలో వేసి, ఆ మాట వాళ్లకి ముందే చెబుతాను. గ్రూపులో పెట్టేటప్పుడు ఆఖరి అంకె ఒక్కటే పెట్టను. "స్టార్టర్లు 120, డిష్ 260, మొత్తం 380, డిస్కౌంట్, ఛార్జీ, పన్నుతో 395" అని ప్రతి ఒక్కరి లైనూ రాస్తాను. ఎవరి డిష్ ఎవరి పేరు మీద పడినా వాళ్లే చూసి చెబుతారు.