వాలు అంచుల వెనుక లెక్క

సీఎస్ఎస్‌లోని `clip-path` చిత్రాన్నో ప్యానెల్‌నో వాలుగా, గుండ్రంగా కత్తిరించినట్టు చూపిస్తుంది గానీ, దాని దీర్ఘచతురస్రాన్ని ఏమాత్రం మార్చదు. బ్రౌజర్ అక్షరాలను ఎప్పటిలాగే ఆ దీర్ఘచతురస్రంలో పేర్చి, గీతకు అవతల పడినదాన్ని మాత్రం తెరపై చూపకుండా వదిలేస్తుంది. చిత్రంలో ఒక మూల పోయినా చూసేవారికి పెద్ద లోటు తెలియదు. పేరా చివర రెండు మాటలు పోతే అర్థమే దెబ్బతింటుంది.

ప్యానెల్ కింది అంచును వాలుగా కోయడానికి చాలామంది `polygon(0 0, 100% 0, 100% 80%, 0 100%)` అని రాస్తారు. ఇందులో నిలువు కొలతల శాతాలు ఎత్తును బట్టి, అడ్డు కొలతల శాతాలు వెడల్పును బట్టి లెక్కకు వస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. 1200 పిక్సెళ్ల వెడల్పు, 400 పిక్సెళ్ల ఎత్తు ఉన్న ప్యానెల్‌లో కుడివైపు 80 పిక్సెళ్లు తెగుతాయి, వాలు సుమారు 4 డిగ్రీలు ఉంటుంది. అదే ప్యానెల్ 360 పిక్సెళ్ల ఫోన్ తెరపై ఇరుకై, వరుసలు పెరిగి 900 పిక్సెళ్ల ఎత్తుకు సాగిందనుకుందాం. అప్పుడు 180 పిక్సెళ్లు తెగి, వాలు 26 డిగ్రీలు దాటుతుంది, చివరి వరుసల కుడి భాగాలు మాయమవుతాయి.

అందువల్ల కోతను ఎత్తుతో కాక వెడల్పుతో ముడిపెట్టడం మేలు. తెర వెడల్పంతా పరుచుకున్న ప్యానెల్‌కు `7vw` కోత ఇస్తే ఏ తెరపైనైనా వాలు 4 డిగ్రీలే ఉంటుంది. అంతే ఖాళీని, మరికొంత ఊపిరితో కలిపి, అడుగున వదలాలి.

```css
.panel {
  padding-bottom: calc(7vw + 2rem);
  clip-path: polygon(0 0, 100% 0,
    100% calc(100% - 7vw), 0 100%);
}
```

ప్యానెల్‌కు ఎత్తును స్థిరంగా నిర్ణయించకూడదు. అలా నిర్ణయిస్తే, పాఠకుడు అక్షరాలను పెద్దవి చేసినప్పుడు పేరా ఆ ఖాళీలోకి దిగి, గీతను దాటిపోతుంది.

కనబడకుండా పోయిన మాటలు పేజీలోంచి పోవు. స్క్రీన్ రీడర్ వాటిని చదువుతుంది, బ్రౌజర్‌లో వెతికితే దొరుకుతాయి, కంటికి మాత్రం ఆనవు. కాబట్టి పరీక్షించేటప్పుడు `clip-path` వరుసను ఒకసారి తీసేసి చూడటమే నమ్మకమైన పద్ధతి: అప్పుడు కొత్తగా ఏ అక్షరమైనా బయటపడితే అది అంతవరకూ తెగిపోయి ఉన్నదే. అంచుకు ఆనుకున్న బటన్ చుట్టూ వచ్చే ఫోకస్ గీత, ప్యానెల్ నీడ కూడా ఇలాగే కోతకు గురవుతాయి.

వృత్తంలో చోటు ఇంకా తక్కువ. 400 పిక్సెళ్ల వ్యాసమున్న వృత్తంలో పట్టే అతిపెద్ద చతురస్రం భుజం సుమారు 283 పిక్సెళ్లే, అంటే నాలుగు వైపులా దాదాపు 15 శాతం ఖాళీ వదలాలి. పైగా చతురస్రం కాని చిత్రంపై `circle(50%)` రాస్తే పూర్తి వృత్తం రాదు, ఎందుకంటే ఆ శాతం వెడల్పు, ఎత్తు రెండింటినీ కలిపి లెక్కించినది. వెడల్పైన చిత్రంలో పైనా కిందా వంపు తెగి చదునుగా కనిపిస్తుంది. `circle(closest-side)` అని రాస్తే వృత్తం దగ్గరి అంచుల మధ్యే ఒదుగుతుంది. నా మటుకు వృత్తంలో చిత్రాన్నో, రెండు మూడు మాటల శీర్షికనో ఉంచి, పేరాను దాని పక్కన కోత లేని ప్యానెల్‌లో పెట్టడమే సరైన ఏర్పాటు.