రాజోలు రిసెప్షన్‌లో మైకు పట్టుకునే మనవలకు

నా బంగారు తల్లికీ, తండ్రికీ,

అమ్మమ్మ దీవెనలు. వచ్చే గురువారం మీ బావ రిసెప్షన్‌లో మీరిద్దరే మైకు పట్టుకుంటారని మావయ్య చెప్పగానే నాకు ఎంత సంతోషం వేసిందో. మీరు ఫోన్‌లో పంపిన స్క్రిప్ట్ కూడా చదివాను. స్వాగతం బాగా రాశారు. కానీ బంధువుల పరిచయం దగ్గరికి వచ్చేసరికి "ఇక్కడ పేర్లు చదవాలి" అని ఒక్క లైను రాసి వదిలేశారు. నా మటుకు ఆ సాయంత్రం అంతటికీ ఆ లైనే అసలైనది. అందుకే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ తాతయ్య పోయిన మూడో నెలలో ఒక రిసెప్షన్‌కి వెళ్ళాను. మైకులో అబ్బాయి చేతిలో ఎప్పటిదో లిస్టు ఉంది. తాతయ్య పేరూ నా పేరూ కలిపి చదివి "దంపతులు వేదిక పైకి రావాలి" అన్నాడు. నేను లేవలేదని మళ్ళీ పిలిచాడు. ఆ నిమిషం ఎలా గడిచిందో నాకే తెలుసు. ఆ పిల్లవాడి మీద నాకు కోపం లేదు. లిస్టు సరిచూసి ఇచ్చినవాళ్ళే లేరు. మీ చేతిలో ఆ తప్పు జరగకూడదు. కాబట్టి ప్రతి పేరూ ఈ వారంలోనే రెండు వైపులా ఒక్కొక్క మనిషికి గట్టిగా చదివి వినిపించండి. మనవైపు మీ అత్తయ్య, వాళ్ళవైపు పెళ్ళికూతురు పిన్ని. చూసి సరే అనడం కాదు, వాళ్ళు చెవితో వినాలి. ఇంటిపేరు పలకడంలో తప్పు కంటికి దొరకదు.

ఫోన్ చూసి చదవకండి. ఒక్కో కుటుంబానికి ఒక్కో అట్ట కార్డు పెట్టుకోండి. కార్డు మీద వరుస ముందు, ఊరు తరవాత, పేరు చివర రాయండి. "వరుడి మేనమామగారు, అంబాజీపేట నుంచి, శ్రీ ఫలానా గారు, సతీసమేతంగా" అని ఆగిపోవాలి. పేరు చివర వస్తే చప్పట్లు పేరు మీద పడతాయి. పేరు ముందే చెప్పేస్తే జనం ఆ మనిషి ఎక్కడున్నాడా అని తలలు తిప్పేస్తారు, వరుస ఎవరికీ వినిపించదు. ఊరు కూడా వదలకండి. మన కోనసీమలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు నాలుగు ఊళ్ళలో ఉంటారు.

వరుసలన్నీ వధూవరుల నుంచే లెక్కపెట్టండి. మీకు మావయ్య అయినా మైకులో ఆయన "వరుడి తండ్రిగారు". మీ స్క్రిప్ట్‌లో ఒకచోట "మా అత్తయ్య" అని ఉంది. పాలకొల్లు నుంచి వచ్చినవాళ్ళకి ఆవిడ పెళ్ళికొడుకు తల్లి అని ఎలా తెలుస్తుంది?

ఇక మన ఇంట్లో ఉన్న చిక్కు. పెళ్ళికూతురు మేనత్తని చేసుకున్నది మీ బావ మేనమామే కదా, ఈ సంబంధం కుదిరింది కూడా వాళ్ళ వల్లే. వాళ్ళు రెండు లిస్టుల్లోనూ ఉన్నారు. మీరు రాసినట్టు రెండుసార్లు పిలిస్తే ఎక్కిన మెట్లే మళ్ళీ ఎక్కాలి. ఒక వైపే పిలిస్తే రెండోవైపు ఆడపిల్ల మనసు నొచ్చుకుంటుంది. అందుకని రెండు లిస్టుల్లోంచీ తీసి, ఒకే కార్డు రాసి ఆఖర్న పెట్టండి: "వధువుకి మేనత్త, వరుడికి మేనమామ. ఈ రెండు ఇళ్ళనీ కలిపిన దంపతులు." తరవాత ఊరు, పేర్లు. రెండు కుటుంబాలూ వేదిక మీదే ఉంటాయి కాబట్టి అందరూ కలిసి ఫొటో దిగడానికి అదే సమయం.

మన ఊళ్ళో జరుగుతోంది కాబట్టి ముందు ఆడపెళ్ళివారిని పిలవాలి, వాళ్ళు అతిథులు. వాళ్ళ బస్సు చించినాడ వంతెన దాటి రావాలి. బస్సు హాలు ముందు ఆగి, ఆడవాళ్ళు దిగి, కాస్త మంచినీళ్ళు తాగేదాకా పరిచయాలు మొదలుపెట్టకండి. వాళ్ళలో తాతయ్య, నాయనమ్మ ముందు, తరవాత తల్లిదండ్రులు, తరవాత మిగతావాళ్ళు. ఆ నాయనమ్మగారికి మోకాళ్ళ నొప్పులు. ఆవిడ కార్డు మూల "కిందే" అని ఎర్ర పెన్నుతో రాసుకోండి. ఆవిడ పేరు చదివినప్పుడు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు మెట్లు దిగి వెళ్ళి దణ్ణం పెట్టాలి. ఫొటోగ్రాఫర్‌కి ఆ మాట ముందే చెప్పి ఉంచండి, లేకపోతే లైటు వేదిక మీదే ఉండిపోతుంది.

మనవైపు నా కార్డులో తాతయ్య పేరు ఒక్కసారే రాయండి. "కీర్తిశేషులు ఫలానా గారి సతీమణి, వరుడి నాయనమ్మ" అని చాలు. మౌనం పాటించమనడం, ఆయన గురించి కథ చెప్పడం వద్దు. నన్ను ఒంటరిగా నడిపించకుండా మీలో ఒకరు వచ్చి చెయ్యి పట్టుకోండి.

అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, కలిపి రాసింది ఒకటి, మొత్తం 17 కార్డులు. ఒక కుటుంబం లేచి, మెట్లెక్కి, నవ్వి నిలబడేసరికి 40 సెకన్లు. అంటే పదకొండు, పన్నెండు నిమిషాలు. ఎవరైనా వచ్చి "మా తోడల్లుడి పేరు కూడా చదవమ్మా" అంటే కాదనకండి, "మా అత్తయ్యకి చెప్పండి బాబాయిగారూ" అనండి. ఎవరిని చేర్చాలో ఆవిడే చూసుకుంటుంది.

తరవాత కానుకలు. వీటిని మన పెద్దవాళ్ళు చదివింపులు అనేవారు. పెళ్ళిపందిట్లో ఒకాయన పుస్తకం ముందు కూర్చుని, "ఫలానా వారి చదివింపులు నూటపదహార్లు" అని అందరికీ వినబడేలా చదివేవాడు. ఇప్పుడు మైకులో డబ్బు చదవద్దు. లోపల 516 పెట్టిన మనిషి వెనకాల 10,116 పెట్టిన మనిషి నిలబడి ఉంటాడు. కవరు ఇచ్చేవాళ్ళకి మైకే అక్కర్లేదు, సన్నాయి వినిపిస్తే చాలు.

నాలుగు వందల మంది, నలుగురేసి చొప్పున వంద గుంపులు. గుంపుకి 40 సెకన్లు పట్టినా గంట దాటుతుంది. ఎనిమిదింటికి లైను కదలకపోతే ముసలివాళ్ళు ఆకలితో నిలబడతారు. అందుకని మూడే మూడు చదవండి: పెళ్ళికూతురు మేనమామ పెట్టే పట్టుచీర, మీ అమ్మా పెద్దమ్మా కలిసి మేనల్లుడికి పెట్టే ఉంగరం, తాతయ్య దగ్గర చదువుకున్నవాళ్ళు తెచ్చే గోడ గడియారం. వస్తువు పేరు చెప్పండి, బరువూ ధరా చెప్పకండి. పెట్టెలు వేదిక మీద విప్పించకండి. చీర మాత్రం పళ్ళెంలో మడత మీదే కనబడేలా ఉంచమని వాళ్ళకి చెప్పండి.

కవర్లు పట్టుకోవడానికి పెళ్ళికొడుకు పక్కన ఒకరు గుడ్డసంచితో ఉండాలి. రెండో మనిషి వేదిక దిగే మెట్ల దగ్గర పుస్తకంతో కూర్చుని పేరు, ఊరు రాసుకోవాలి, ఎందుకంటే రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి మనం తిరిగి పెట్టాలి. కవరు మీద పేరు లేకపోతే అక్కడే అడిగి రాయాలి. ఇంటికొచ్చాక ఏ కవరు ఎవరిదో చెప్పగలిగేవాళ్ళు ఉండరు. అది మీ పని కాదు, తమ్ముడికి అప్పగించండి.

కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు మైకు ఆగితే, కార్డు మళ్ళీ మొదటి నుంచి చదవండి, సగం నుంచి కాదు.

బుధవారం సాయంత్రం కార్డులన్నీ పట్టుకుని రండి. నేను అరుగు మీద చివర కూర్చుంటాను, మీరు గుమ్మంలో నిలబడి చదవండి. నాకు సరిగా వినపడని పేరు పక్కన పెన్సిలుతో గీత పెట్టుకుందాం.

మీ అమ్మమ్మ