వేపపుల్ల క్రిములను చంపుతుందా? చిగుళ్ళ విషయంలో కొన్ని అపోహలు - వాస్తవాలు

కిందటేడు పత్తి విత్తుడు అయిపోయాక, మునుగోడు వైపు నుంచి యాభై రెండేళ్ళ రైతు ఒకరు నల్లగొండలో నేను పనిచేసే దంత వైద్యశాలకు వచ్చారు. పళ్ళు తోముకుంటే నెత్తురు కారుతోందని, కింది దవడలో రెండు పళ్ళు కదులుతున్నాయని ఆయన బాధ. చిగుళ్ళ జబ్బు ముదిరిందని చెప్పగానే ఆయన నమ్మలేదు. "సారూ, నేను పుట్టి బుద్ధెరిగిన కాన్నుంచి యాపపుల్లతోటే పండ్లు తోముకుంటున్న. యాప ఉన్నకాడ పురుగు ఉంటదా?" అని అడిగారు. ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా వింటాను. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పడం వేపకూ అన్యాయమే, అడిగిన మనిషికీ అన్యాయమే. అందుకే నాకు తెలిసిన చిగుళ్ళ వరకే పరిమితమై వివరంగా రాస్తున్నాను.

అపోహ: వేపపుల్ల నమిలితే ఆ చేదుకు నోట్లోని క్రిములన్నీ చచ్చిపోతాయి.

వాస్తవం: ప్రయోగశాలలో వేప సారం బాక్టీరియాను అడ్డుకుంటుందన్న మాట నిజమే. అయితే అది ఎలా తేలిందో గమనించాలి. బాక్టీరియాను గాజు పళ్ళెంలోని మేత మీద పెంచి, వేప ఆకునో బెరడునో ఆల్కహాలులో నానబెట్టి తీసిన చిక్కటి సారంలో చిన్న కాగితపు బిళ్ళను ముంచి దాని మీద పెడతారు. మర్నాటికి బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని ఖాళీ వలయం కనిపిస్తే సారం పనిచేసిందని అంటారు. అక్కడ సారం రాత్రంతా కదలకుండా బాక్టీరియాను అంటుకొని ఉంటుంది. నోట్లో అలా ఉండదు. పుల్ల నమిలినప్పుడు వచ్చే రసాన్ని లాలాజలం ఎప్పటికప్పుడు పలుచన చేస్తుంది, రెండు నిమిషాల్లో మనమే ఉమ్మేస్తాం.

ఇంకో తేడా ఇంతకంటే పెద్దది. పళ్ళెంలోని బాక్టీరియా విడివిడిగా బతుకుతుంది. పంటి మీద అది పాచిగా, అంటే తాను ఊరించుకున్న జిగురులో గూడు కట్టుకొని, పొరలు పొరలుగా బతుకుతుంది. పైపొరను తాకిన మందు లోపలి పొరదాకా పోవడం కష్టం. మేము వాడే క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింపు మందుకు ధనావేశం ఉండటం వల్ల అది పంటికీ నోటి పొరకూ అతుక్కొని, కొన్ని గంటలపాటు కొద్దికొద్దిగా విడుదల అవుతూ ఉంటుంది. వేప సారానికి నోట్లో అటువంటి నిలకడ ఉందని ఇప్పటివరకు గట్టిగా చూపినవారు లేరు.

అయితే వేపపుల్లలో సుగుణమే లేదని దీనర్థం కాదు. 1996లో ప్రచురితమైన ఒక ప్రయోగశాల పరిశోధనను నేను తరచుగా గుర్తు చేసుకుంటాను. అందులో వేపపుల్ల నుంచి నీటితో తీసిన సారాన్ని మిల్లీలీటరుకు 320 మైక్రోగ్రాముల వరకు వాడినా, పరీక్షించిన స్ట్రెప్టోకోకస్ జాతుల పెరుగుదల ఆగలేదు. అంటే సారం వాటిని చంపలేదు. కానీ ఆ సారం తగిలిన బాక్టీరియా, లాలాజలం పూసిన పంటి ఖనిజానికి అతుక్కోవడం బాగా తగ్గింది. పాచిని పట్టి ఉంచే జిగురు తయారీ కూడా తగ్గింది. క్రిమిని చంపడం వేరు, దానికి కాలు నిలవనీయకపోవడం వేరు. మన పెద్దలు చూసిన మేలులో కొంత ఈ రెండో దారిలో వచ్చి ఉండవచ్చునని నా అభిప్రాయం. మిగిలినది పుల్ల కొసను నమిలి కుంచెలా చేసి రుద్దడం వల్ల వచ్చినది. ఆ పని కానుగపుల్ల కూడా చేస్తుంది.

ఆ రైతు పళ్ళకు పాచిని చూపించే ఎర్ర రంగు ద్రావణం పూసి అద్దం చేతికిచ్చాను. ముందు పళ్ళ బయటి వైపు తెల్లగా, శుభ్రంగా ఉంది. నాలుక వైపు, ముఖ్యంగా కింది ముందు పళ్ళ వెనుక, రంగు గట్టుకట్టినట్టు నిలిచింది. లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునేది అక్కడే గనుక పాచి గట్టిపడి గారగా మారడం కూడా అక్కడే ఎక్కువ. నిటారుగా ఉండే పుల్ల ఆ వంపులోకి పోదు. ఆయన చాలాసేపు అద్దం వంక చూసి, "గింతకాలం ముంగటి పండ్లే తోమిన్న?" అన్నారు.

అపోహ: గట్టిగా రుద్దితే వేపపుల్ల పళ్ళ పసుపు మచ్చలను పోగొడుతుంది.

వాస్తవం: మన జిల్లాలో దీన్ని తప్పక చెప్పాలి. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో పెద్దవాళ్ళ పళ్ళ మీద కనిపించే పసుపు, గోధుమ చారలు చిన్నతనంలో ఫ్లోరైడు నీళ్ళు తాగడం వల్ల పింగాణీ పొర తయారయ్యేటప్పుడే పడినవి. అవి మురికి కావు, ఏ పుల్లా వాటిని తీయలేదు. అలా రుద్దేవారిలో చిగురు కిందికి జారి, పంటి వేరు బయటపడి, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనడం నేను చూస్తూనే ఉన్నాను.

అపోహ: వేప లోపలి వాపును తగ్గిస్తుందని సైన్సు తేల్చేసింది.

వాస్తవం: సైన్సు తేల్చలేదు. ఎలా తగ్గించవచ్చో ఒక దారిని ప్రతిపాదించింది, ఆ దారి మాత్రం ఆసక్తికరమైనది. చిగురుకు పాచి తగిలినప్పుడు మన కణాల్లో ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రొటీన్ మేల్కొంటుంది. మామూలుగా దాన్ని మరో ప్రొటీన్ పట్టి ఉంచుతుంది. ప్రమాద సంకేతం రాగానే ఆ పట్టు వదులుతుంది, ఇది కణ కేంద్రకంలోకి పోయి వాపు పుట్టించే పదార్థాల తయారీకి ఆదేశమిస్తుంది. చిగురు ఎర్రబడటం, ఉబ్బడం, నెత్తురు కారడం ఆ తర్వాతి సంగతులు. వేప ఆకులోనూ, ఉగాది పచ్చడిలో మనం వేసుకునే పువ్వులోనూ ఉండే నింబోలైడ్ అనే చేదు పదార్థం ఈ పట్టు వదలకుండా చూస్తుందని కణాల మీద, జంతువుల మీద చేసిన పరిశోధనలు సూచించాయి. గింజల నూనె నుంచి తీసే నింబిడిన్ ఎలుకల పాదాల వాపును తగ్గించిందని కూడా నివేదికలు ఉన్నాయి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. నింబోలైడ్ అణువులో ఒక చురుకైన కొక్కెం లాంటి భాగం ఉంటుంది, అది ప్రొటీన్లలోని సిస్టీన్ అనే భాగానికి తగులుకుంటుంది. 2019లో బర్క్లీ పరిశోధకులు అది క్యాన్సర్ కణాల్లో ఆర్‌ఎన్‌ఎఫ్114 అనే ప్రొటీన్‌కు ఇలాగే తగులుకుంటుందని చూపారు. కానీ శరీరంలో సిస్టీన్ ఉన్న ప్రొటీన్లు వేలకొద్దీ ఉన్నాయి, కణాల్లో రక్షణగా ఉండే గ్లూటాథయోన్‌లో కూడా సిస్టీన్ ఉంది. కొక్కెం మనం కోరిన చోట పడకముందే ఇంకెక్కడో తగులుకోవచ్చు. పళ్ళెంలోని కణాలకు కొలిచి ఇచ్చిన మోతాదులో, నాలుగు ఆకులు నమిలిన మనిషి చిగురుదాకా ఎంత చేరుతుందో చెప్పే మానవ కొలతలు మన చేతిలో లేవు.

ప్రకృతి మందు గనుక లోపలికి తీసుకున్నా హాని లేదన్న మాట కూడా దీనితోపాటే వినిపిస్తుంది. వేపనూనె తాగించిన పసిపిల్లల్లో వాంతులు, మగత, ఫిట్స్, రక్తంలో ఆమ్లం పెరగడం, కాలేయం, మెదడు దెబ్బతినడం జరిగినట్టు మలేషియా, భారతదేశాల వైద్యులు 1980ల నుంచే నమోదు చేశారు. ప్రొటీన్లను పట్టుకునే శక్తి ఉన్న పదార్థానికి మంచి చెడ్డా రెండూ ఉంటాయి. పిల్లలకు కడుపులో పురుగులని చెప్పి వేపనూనె పట్టించవద్దని ఇళ్ళలోని పెద్దవారిని చేతులు జోడించి కోరుతున్నాను.

అపోహ: మనుషుల మీద పరీక్షించి నిరూపించారు కదా.

వాస్తవం: పరీక్షలు జరిగాయి. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో 36 మంది పురుషులను తీసుకొని, ఆరు వారాలపాటు వేపాకు సారం కలిపిన జెల్‌ను 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్‌తో పోల్చారు. వేప జెల్ వాడినవారిలో పాచి, నోటి బాక్టీరియా సంఖ్య తగ్గాయి. ఇది పనికివచ్చే సమాచారమే. కానీ 36 మంది గుంపులుగా విడిపోతే ఒక్కో గుంపులో కొద్దిమందే మిగులుతారు. ఆరు వారాల్లో పాచి తగ్గిందా లేదా అన్నది తెలుస్తుంది, పంటి చుట్టూ ఎముక అరగడం ఆగిందా అన్నది తెలియదు. ఆ తర్వాత వచ్చిన పుక్కిలింపు అధ్యయనాలు చాలావరకు ఇదే కొలతలో ఉన్నాయి. ఒకరు ఆకు సారం, ఇంకొకరు బెరడు సారం, మరొకరు నూనె వాడటం వల్ల అన్నింటినీ కలిపి ఒక లెక్క తీయడం కూడా కష్టం. చెట్టునుబట్టి, కాలాన్నిబట్టి ఆకులోని చేదు పదార్థాల మోతాదు మారుతుంది గనుక రెండు సారాలు ఒకటే అనుకోవడానికి వీల్లేదు.

కొలతకు వచ్చే మోసం ఎలా ఉంటుందో ఆ రైతు విషయంలోనే చూశాను. మొదటి రోజు ఆయన 24 పళ్ళకు, పంటికి ఆరు చోట్ల చొప్పున 144 చోట్ల కొలకర్ర దింపి చూశాను. 81 చోట్ల నెత్తురు వచ్చింది, కింది దవడ పళ్ళ నాలుక వైపు చిగురు సందులు 6 మిల్లీమీటర్ల లోతు ఉన్నాయి. రెండు విడతల్లో గార తీసి, మెత్తని బ్రష్‌తో లోపలి వైపు తోమడం చేతితో పట్టి నేర్పాను. ఆరు వారాల తర్వాత నెత్తురు వచ్చిన చోట్లు 29కి దిగాయి, అంటే 56 శాతం నుంచి 20 శాతానికి. నేను సంతోషించేలోపే ఆయన, "చూసిన్రా సారూ, రోజు రాత్రి యాపాకు పసరు రాసుకున్న, గందుకే తక్కువైంది" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు, నేను చేసిన వైద్యమూ అబద్ధం కాదు. గార తీయడం, లోపలి వైపు తోమడం, పసరు రాయడం, మళ్ళీ కొలుస్తారని తెలిసి శ్రద్ధ పెరగడం, ఈ నాలుగూ ఒకే వారంలో మొదలయ్యాయి. గార తీశాక నెత్తురు ఇంతగా తగ్గడం పసరు వాడనివారిలో కూడా నేను మామూలుగా చూసేదే. పసరు వాటా తెలియాలంటే అందరికీ గార తీసి, తోమడం నేర్పి, చీటీ వేసినట్టు సగం మందికి వేప జెల్, సగం మందికి అంతే చేదు, అదే రంగు ఉన్న ఉత్త జెల్ ఇవ్వాలి. ఎవరికి ఏది అందిందో కొలిచే వైద్యుడికి తెలియకూడదు. చేదును దాచడం ఎంత కష్టమో ఇటువంటి అధ్యయనం చేయబోయిన వారందరికీ తెలుసు. మన ఊళ్ళలో నాలుకకు తగలగానే వేపను గుర్తుపట్టనివారు ఉండరు, గుర్తుపట్టినవారు తగ్గిందనే చెబుతారు.

ఆయనను పసరు మానమని నేను అనలేదు. మూడు నెలలకు మళ్ళీ వచ్చినప్పుడు నెత్తురు 24 చోట్ల వచ్చింది, లోతైన సందులు 4 మిల్లీమీటర్లకు వచ్చాయి. అప్పటికి కోతల పనుల్లో పడి నెల రోజులుగా పసరు రాయడమే మరిచిపోయానని, బ్రష్ మాత్రం మరవలేదని ఆయనే చెప్పారు. ఒక్క మనిషి కొలతతో వేప పనిచేయదని కూడా నేను రాయలేను. కేస్ షీట్‌లో ఆ తేదీ పక్కన, పసరు ఆపి నెల అయిందని మాత్రం రాసుకున్నాను.